సెలెక్ట్ స్విచ్ తిప్పితే చాలు, స్లాబ్ రాకుండానే కౌంటర్ పెరుగుతోంది

ప్రశ్న: అన్నా, నేను ఒంగోల్లో డిప్లొమా ఫైనలియర్. చీమకుర్తిలో మా బాబాయి పనిచేసే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ కోసం స్లాబులు లెక్కపెట్టే ప్రాజెక్టు చేస్తున్నా. రెండు లైన్లకి రెండు సెన్సర్లు, A, B. ఏ లైన్ లెక్కపెట్టాలో S స్విచ్‌తో ఎంచుకుంటా. F = A·S + B·S' ని ఒకే ఒక్క 74LS00 తో కట్టి 74LS90 కౌంటర్‌కి ఇచ్చా. స్లాబ్ అడ్డు లేనప్పుడు సెన్సర్లు రెండూ 1. అప్పుడు S తిప్పితే F మారకూడదు కదా, కానీ కౌంటర్ ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు మూడు పెరుగుతోంది, ఒక్కోసారి అసలు పెరగదు. F దగ్గర పెట్టిన ఎల్ఈడీ మాత్రం వెలుగుతూనే ఉంది. ట్రూత్ టేబుల్ మొత్తం కరెక్టు. మా సార్ ఇంకో టర్మ్ కలపమన్నారు. కే-మ్యాప్‌తో తగ్గించిందాన్ని మళ్ళీ ఎందుకు పెంచాలి?

సమాధానం:

మీ సార్ చెప్పింది కరెక్టే అబ్బయా. నీ సర్క్యూట్‌లో ఉన్నది స్టాటిక్-1 హజార్డ్. అవుట్‌పుట్ 1 దగ్గరే ఉండాల్సిన చోట ఒక్క క్షణం 0 కి పడి మళ్ళీ లేస్తోంది. ఆ క్షణం ఎంత చిన్నదంటే నీ ఎల్ఈడీకి, నీ కంటికి అస్సలు దొరకదు, కౌంటర్‌కి మాత్రం దొరుకుతుంది. 74LS90 లెక్కపెట్టేది క్లాక్ 1 నుంచి 0 కి పడినప్పుడే, నీ F చేస్తున్నదీ ఆ పనే.

ట్రూత్ టేబుల్ కరెక్టు అన్నావు, అందులో తప్పేం లేదు. కానీ ట్రూత్ టేబుల్ చెప్పేది అన్ని గేట్లూ కుదురుకున్నాక ఏముంటుందో మాత్రమే. ఒక వరస నుంచి ఇంకో వరసకి పోయేటప్పుడు మధ్యలో ఏం జరుగుతుందో అందులో ఉండదు. నీకు వచ్చిన చిక్కంతా ఆ మధ్యలోనే.

ఒక్కసారి గేటు గేటుగా చూద్దాం. నీ దగ్గరున్న ఒక్క 74LS00 లో నాలుగు నాండ్ గేట్లు ఉన్నాయి, నాలుగూ వాడేశావు. N1 రెండు ఇన్‌పుట్లూ కలిపి ఇన్వర్టర్‌గా పెట్టింది, అది S' ఇస్తుంది. N2 కి A, S వెళ్తాయి. N3 కి B, S' వెళ్తాయి. N2, N3 అవుట్‌పుట్లు రెండూ N4 లోకి పోతే F వస్తుంది. 74LS00 డేటాషీట్‌లో ఒక్కో గేటు ఆలస్యం మామూలుగా 9, 10 నానోసెకన్లు అని, గరిష్ఠం 15 అని ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ప్రతి గేటుకీ 10 అనుకుందాం.

A, B రెండూ 1. S కూడా 1 లో ఉంది. అప్పుడు N2 అవుట్‌పుట్ 0, N3 అవుట్‌పుట్ 1, N4 కి ఒక ఇన్‌పుట్ 0 కాబట్టి F = 1. ఇప్పుడు సున్నా సమయంలో S ని 0 చేశావు. N2 కి S నేరుగా వెళ్తోంది కాబట్టి 10 నానోసెకన్లకి దాని అవుట్‌పుట్ 1 అయిపోతుంది. అదే 10 దగ్గర N1 అవుట్‌పుట్, అంటే S', 1 అవుతుంది. కానీ ఆ S' N3 ని దాటి బయటికి రావాలి కదా, N3 అవుట్‌పుట్ 0 అయ్యేది 20 దగ్గర. అంటే 10 నుంచి 20 దాకా N2 కూడా 1, N3 కూడా 1. రెండు ఇన్‌పుట్లూ 1 అయితే నాండ్ గేటు ఏం చేస్తుంది? 0 ఇస్తుంది. దాని సొంత ఆలస్యం కలుపుకుని F 20 దగ్గర 0 కి పడి, 30 దగ్గర మళ్ళీ 1 కి లేస్తుంది. 10 నానోసెకన్ల గ్లిచ్. ఎలాగంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రి షిఫ్టు కాపలాదారు దిగిపోయాడు, పగటివాడు ఇంకా దారిలోనే ఉన్నాడు, మధ్యలో గేటు ఖాళీ. నీ F ని 1 దగ్గర పట్టుకునే డ్యూటీ ఆ కాసేపు ఎవరి చేతిలోనూ లేదు.

దీన్నే S 0 నుంచి 1 కి పోయేటప్పుడు చూడు. 10 దగ్గర N2 అవుట్‌పుట్ 0 అయిపోతుంది. N3 మాత్రం S' పడి అది దాటి వచ్చాక, 20 దగ్గర గానీ 1 అవ్వదు. 10 నుంచి 20 దాకా రెండూ 0 లో ఉంటాయి, కొత్తవాడు వచ్చేదాకా పాతవాడు ఆగాడన్నమాట, F కదలదు. కాబట్టి ఈ సర్క్యూట్‌లో గ్లిచ్ వచ్చేది S పడేటప్పుడే, లేచేటప్పుడు రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకో, నీ సమస్య నిజంగా ఇదేనా కాదా అని తేల్చడానికి ఇదే పనికొస్తుంది.

మరి 'ఒక్కోసారి' ఎందుకు? గ్లిచ్ వెడల్పు ఎంతంటే N1 ఆలస్యం, N3 ఆలస్యం కలిపి అందులోంచి N2 ఆలస్యం తీసేస్తే వచ్చేంత. మూడూ సమానమైతే ఒక గేటు ఆలస్యం అంత ఉంటుంది, దాదాపు 10 నానోసెకన్లు. ఇటు 74LS90 డేటాషీట్‌లో మొదటి క్లాక్ ఇన్‌పుట్‌కి కనీస పల్స్ వెడల్పు 15 నానోసెకన్లు అని రాసుంటుంది. దానర్థం 15 దాటితే కచ్చితంగా లెక్కపెడతానని హామీ ఇవ్వడమే, 15 లోపు ఉంటే లెక్కపెట్టనని హామీ కాదు. 10 నానోసెకన్ల పల్స్ వచ్చినప్పుడు ఆ ఐసీ మూడ్‌ని బట్టి, వేడిని బట్టి, బ్రెడ్‌బోర్డ్ మీద ఆ వైరు పొడవుని బట్టి పట్టుకోనూ వచ్చు, వదిలేయనూ వచ్చు. ఇంకో ఐసీ మారిస్తే 'సరిపోయింది' అనిపిస్తుంది చూడు, అది సరిపోవడం కాదు, తప్పించుకోవడం. ఏప్రిల్, మే ఎండల్లో చీమకుర్తి షెడ్డులో పెట్టాక మళ్ళీ మొదలవుతుంది.

రెండు, మూడు పెరగడం సంగతి వేరు. నీ S మామూలు టాగుల్ స్విచ్ అయితే అది ఒక్కసారి తిప్పితే ఒక్కసారి మారదు, కాంటాక్టులు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడి అన్నిసార్లు 1, 0 అవుతాయి. S పడిన ప్రతిసారీ ఒక గ్లిచ్, అందులో కొన్నిటిని కౌంటర్ పట్టుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్విచ్‌ని 0 నుంచి 1 వైపు తిప్పినా ఆ ఎగరడంలో మధ్యలో S కొన్నిసార్లు పడుతుంది, కాబట్టి ఆ వైపు కూడా కౌంట్ పెరుగుతుంది. అది చూసి 'రెండు వైపులా పెరుగుతోంది, అయితే హజార్డ్ కాదు, సప్లై నాయిస్' అని తేల్చేసి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పేర్చుకుంటూ పోతారు. కెపాసిటర్లు పెట్టడం మంచిదే, ఒక్కో ఐసీకి ఒకటి ఉండాల్సిందే, కానీ ఈ రోగానికి ఆ మందు పనిచేయదు.

కాబట్టి ముందు S ని శుభ్రం చెయ్యి. మూడు పిన్నుల టాగుల్ స్విచ్‌కి రెండు నాండ్ గేట్ల లాచ్ పెడితే ఎగరడం పోతుంది, లేదంటే ల్యాబ్‌లో ఫంక్షన్ జనరేటర్ టీటీఎల్ అవుట్‌పుట్‌ని సెకనుకి ఒకసారి మారేలా పెట్టి S కి ఇవ్వు. A, B రెండూ సెన్సర్ల నుంచి తీసేసి నేరుగా 5 వోల్టులకి కట్టు. ఇప్పుడు చూడు. కౌంట్ పెరిగేది S పడినప్పుడే అయితే హజార్డే. S తో సంబంధం లేకుండా, ఎక్కడో మోటారు ఆన్ చేసినప్పుడల్లా పెరుగుతుంటే అది నాయిస్, ఆ కథ వేరు.

ఒకవేళ ఇప్పుడు అసలు పెరగకపోతే సంతోషపడకు, గ్లిచ్ కౌంటర్‌కి చాలనంత సన్నగా ఉందేమో. అలాంటప్పుడు నేను చేసే పని గ్లిచ్‌ని కావాలని పెద్దది చేయడం. ఒక 74LS04 తీసుకుని N1 అవుట్‌పుట్‌కీ N3 ఇన్‌పుట్‌కీ మధ్య రెండు ఇన్వర్టర్లు వరసగా పెట్టు. రెండుసార్లు తిరగేస్తే లాజిక్ మారదు, ట్రూత్ టేబుల్ అదే, కానీ S' దారిలో ఇంకో 20 నానోసెకన్ల ఆలస్యం చేరింది. ఇప్పుడు గ్లిచ్ 30 నానోసెకన్లు, 15 కి రెట్టింపు. S పడిన ప్రతిసారీ కౌంటర్ ఒకటి తప్పకుండా పెరుగుతుంది. ఇలా 'ఒక్కోసారి' వచ్చేదాన్ని 'ప్రతిసారీ' వచ్చేలా చేసుకుంటే ఆ తర్వాత పని సులువు. ఆ 74LS04 ని అలాగే ఉంచు, కింద మళ్ళీ పని ఉంది దానితో.

సీఆర్‌వోలో చూస్తానంటే ఒక మాట. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండేవి 20, 30 మెగాహెర్ట్జ్‌వి. 0.35 ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఆ స్కోపు అంచు ఎంత వేగంగా చూపించగలదో వస్తుంది. 30 మెగాహెర్ట్జ్ స్కోపుకి అది దాదాపు 12 నానోసెకన్లు. 10 నానోసెకన్ల గ్లిచ్ దాని మీద పూర్తిగా కిందికి పడినట్టు కనపడదు, పైగీతలో చిన్న సొట్టలా ఉంటుంది, అది చూసి 'ఇంత చిన్నదానికేముందిలే' అనుకుంటాం. పైన చెప్పిన 30 నానోసెకన్ల గ్లిచ్ అయితే ఆ స్కోపులో కూడా శుభ్రంగా దొరుకుతుంది. ట్రిగ్గర్ S పడే అంచు మీద పెట్టు, జనరేటర్ ఫ్రీక్వెన్సీ కొన్ని కిలోహెర్ట్జ్‌కి పెంచు లేకపోతే తెర మీద గీత మసగ్గా ఉంటుంది, ప్రోబ్ పదో వంతు స్థానంలో ఉంచు.

ఇక కే-మ్యాప్ దగ్గరికి వద్దాం, నీ అసలు ప్రశ్న అదే కదా.

```
AB     00  01  11  10
S=0     0   1   1   0
S=1     0   0   1   1
```

పై వరసలో 01, 11 కలిపి ఒక గ్రూపు, అది B·S'. కింది వరసలో 11, 10 కలిపి ఇంకో గ్రూపు, అది A·S. అన్ని 1 లూ కవరయ్యాయి, రెండు టర్ములతో పని అయిపోయింది, పరీక్షలో అయితే ఫుల్ మార్కులు. కానీ 11 నిలువు వరస చూడు. పైన ఒక 1, కింద ఒక 1, పక్కపక్క గడులు, కానీ ఒకటి ఒక గ్రూపులో, ఇంకోటి ఇంకో గ్రూపులో. A = B = 1 ఉంచి S తిప్పడమంటే ఈ గడిలోంచి ఆ గడిలోకి దూకడమే. దూకేటప్పుడు ఒక గ్రూపు వదిలి ఇంకో గ్రూపు పట్టుకోవాలి, ఆ వదలడానికీ పట్టుకోవడానికీ మధ్య సందే నీ 10 నానోసెకన్లు. ఆ రెండు గడుల్నీ కలిపి మూడో గ్రూపు చుట్టు. అది A·B.

F = A·S + B·S' + A·B

ఈ A·B లో S లేదు, S' లేదు. S ఎలా తిరిగినా, ఎన్నిసార్లు ఎగిరినా, A, B రెండూ 1 గా ఉన్నంతసేపు ఈ టర్మ్ 1 దగ్గరే ఉంటుంది, F ని పట్టుకునే ఉంటుంది. పాతవి రెండూ ఎవరి తిప్పలు వాళ్ళు పడతాయి. లాజిక్ పరంగా ఇది కొత్తగా కలిపేదేం లేదు. A·B ని A·B·S + A·B·S' అని విడదీస్తే మొదటిది A·S లో, రెండోది B·S' లో ఎప్పుడో ఉన్నాయి. అందుకే దీన్ని రిడండెంట్ టర్మ్ అంటారు. ఫంక్షన్‌కి అది అక్కర్లేదు, సర్క్యూట్‌కి కావాలి. 'తగ్గించిందాన్ని మళ్ళీ ఎందుకు పెంచాలి' అంటే, కే-మ్యాప్ తగ్గించింది గేట్ల సంఖ్యని. ఆలస్యాల సంగతి దానికి తెలియదు, మనం దాన్ని అడగనూ లేదు. ఇదేం కొత్త తలనొప్పి కూడా కాదు, డేవిడ్ హఫ్‌మన్ 1957 లోనే హజార్డ్ లేని సర్క్యూట్లు ఎలా కట్టాలో పేపర్ రాశాడు, కోడింగ్ క్లాసులో చెప్పే హఫ్‌మన్ ఈయనే.

పెద్ద ఫంక్షన్లలో కే-మ్యాప్ గియ్యకుండానే ఈ టర్మ్ పట్టుకోవచ్చు. ఏదో ఒక వేరియబుల్ ఒక టర్మ్‌లో మామూలుగా, ఇంకో టర్మ్‌లో తిరగేసి ఉన్న జంట వెతుకు. ఆ వేరియబుల్ తీసేసి మిగిలినవన్నీ గుణించు. వచ్చినదాంట్లో మళ్ళీ ఏదైనా దానికదే వ్యతిరేకంగా ఉంటే అది 0, వదిలెయ్. వచ్చినది వేరే టర్మ్‌లో ఇప్పటికే ఇమిడిపోయి ఉంటే అప్పుడూ అక్కర్లేదు. రెండూ కాకపోతే కలపాలి. సమ్‌ల ప్రొడక్ట్ రూపంలో కట్టినవాళ్ళకి ఇదే కథ తలకిందులుగా, (A + S')·(B + S) లో A = B = 0 అయినప్పుడు 0 మీద 1 లేస్తుంది, అక్కడ కలపాల్సింది (A + B).

ఇప్పుడు వైరింగ్. నీ 74LS00 లో ఇప్పటిదాకా N4 చివరి గేటు. దాన్ని అక్కణ్ణుంచి తీసేసి A, B ఇచ్చి కొత్త టర్మ్‌కి వాడు. చివరి గేటుకి ఇప్పుడు మూడు ఇన్‌పుట్లు కావాలి కాబట్టి ఒక 74LS10 తెచ్చుకో, అందులో మూడేసి ఇన్‌పుట్ల నాండ్ గేట్లు మూడు ఉంటాయి. మొదటి గేటు ఇన్‌పుట్లు 1, 2, 13 పిన్నులు, అవుట్‌పుట్ 12. ఇక్కడ జాగ్రత్త, మూడో ఇన్‌పుట్ పక్కనే 3 వ పిన్ను అనుకుని కడతారు చాలామంది, 3 వ పిన్ను రెండో గేటుది. N2, N3, N4 అవుట్‌పుట్లు ఆ మూడింటికీ, 12 నుంచి F కౌంటర్‌కి. మిగిలిన రెండు గేట్ల ఇన్‌పుట్లని గాల్లో వదలకుండా 1 కిలో ఓమ్ ద్వారా 5 వోల్టులకి కట్టెయ్. ఊళ్ళో షాపులో 74LS10 దొరక్కపోతే ఇంకో 74LS00 తోనే లాగించొచ్చు. రెండు అవుట్‌పుట్లని ఒక నాండ్‌లో కలిపి, ఇంకో నాండ్‌తో తిరగేసి, దాన్నీ మూడోదాన్నీ కలిపి చివరి నాండ్‌కి ఇస్తే సరి, ఏ రెండింటిని ముందు కలిపావన్నది పట్టింపు లేదు.

మళ్ళీ గేట్ల వెంట నడువు. A = B = 1 కాబట్టి N4 అవుట్‌పుట్ ఎప్పుడూ 0. నాండ్‌కి ఒక్క ఇన్‌పుట్ 0 ఉంటే చాలు, మిగతావి 10 నుంచి 20 దాకా ఏ ఆటలాడినా అవుట్‌పుట్ 1. ఆలస్యాలు 10 అయినా 15 అయినా ఐసీకి ఐసీకి తేడా ఉన్నా ఇది నిజమే, ఇందులో టైమింగ్ మీద ఆధారపడేదే లేదు. నాకు ఈ పద్ధతి నచ్చేది అందుకే.

వేరే పద్ధతులు చెప్పేవాళ్ళు తగులుతారు నీకు. S' ఆలస్యమవుతోంది కదా, S కి కూడా N2 దగ్గర అంత ఆలస్యం పెడితే సరిపోతుంది అంటారు. S దారిలో రెండు ఇన్వర్టర్లు పెట్టావనుకో, 20 నానోసెకన్లు. S పడేటప్పుడు నిజంగానే గ్లిచ్ పోతుంది, N3 20 దగ్గర పట్టుకుంటే N2 30 దగ్గర గానీ వదలదు. కానీ S లేచేటప్పుడు చూడు, N3 20 దగ్గర వదిలేస్తుంది, N2 పట్టుకునేది 30 దగ్గర. గ్లిచ్ ఇటు నుంచి అటు మారింది, అంతే. సరిగ్గా సమానం చేద్దామంటే ఏ రెండు గేట్లూ ఒకేలా ఉండవు, వేడెక్కితే ఇంకా తేడా వస్తుంది. F కి కెపాసిటర్ పెట్టి మింగించడం ఇంకో చిట్కా. గ్లిచ్‌తో పాటు అసలు స్లాబ్ వచ్చినప్పటి అంచు కూడా నెమ్మదిస్తుంది, నెమ్మదైన అంచు క్లాక్ పిన్ను మీదికి పోతే కౌంటర్ ఒకదానికి రెండు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఆ జోలికి పోకు.

కలిపిన టర్మ్‌కి ఒక చెడ్డ గుణం ఉంది, పుస్తకాల్లో అంతగా చెప్పరు. N4 పాడై దాని అవుట్‌పుట్ 1 దగ్గరే ఇరుక్కుపోయినా, ఆ అవుట్‌పుట్ వైరు బ్రెడ్‌బోర్డ్‌లోంచి ఊడిపోయినా, ట్రూత్ టేబుల్ టెస్ట్ పాసవుతూనే ఉంటుంది. ఊడిన LS ఇన్‌పుట్ 1 లాగే ప్రవర్తిస్తుంది, 1 అంటే ఆ టర్మ్ లేనట్టే లెక్క, మిగతా రెండు టర్ములూ ఫంక్షన్‌ని పూర్తిగా నడిపిస్తాయి. ఎనిమిది కాంబినేషన్లూ పెట్టి చూస్తావు, అన్నీ కరెక్టే, టిక్కు పెట్టేస్తావు, కానీ హజార్డ్ మళ్ళీ వచ్చి కూర్చుంది. అవసరం లేని టర్మ్ కాబట్టే దాని లోపం స్థిరమైన టెస్టులో దొరకదు. అందుకే ఆ 74LS04 ని ఉంచమన్నది. S' దారిలో ఆ రెండు ఇన్వర్టర్లూ ఉండగానే A, B ని 1 కి కట్టి, S ని జనరేటర్‌తో తిప్పు. N4 బతికుంటే కౌంటర్ కదలదు. 74LS10 దగ్గర N4 వైరు పీకు, S పడిన ప్రతిసారీ కౌంటర్ పరిగెత్తాలి. మళ్ళీ పెట్టు, ఆగిపోవాలి. రెండూ చూశాకే ఇన్వర్టర్లు తీసెయ్. మీ సార్‌కి డెమో కూడా ఇదే ఇవ్వు, స్లయిడ్లు అక్కర్లేదు.

ఈ టర్మ్ నిన్ను కాపాడేది ఒకసారికి ఒక్క ఇన్‌పుట్ మారినప్పుడే. S తిప్పే క్షణంలోనే A 0 అయి B 1 అయిందనుకో, మొదట A=1, B=0, S=1, చివర A=0, B=1, S=0, రెండు చోట్లా F = 1. కానీ మూడూ ఒకేసారి మారవు, ముందు S మారితే మధ్యలో A=1, B=0, S=0 గడి మీదుగా పోవాలి, అక్కడ ఫంక్షన్ విలువే 0. ఇది గేట్ల తప్పు కాదు, ఫంక్షన్‌లోనే ఉంది, ఎన్ని టర్ములు కలిపినా పోదు. నీకు స్లాబులు నిదానంగా వస్తాయి కాబట్టి నానోసెకన్ల తేడాలో ఇలా కలిసిరావడం చాలా అరుదు, దాని గురించి టెన్షన్ పడొద్దు.

దీన్నే తర్వాత ఎఫ్‌పీజీఏలో చేద్దామని మూడు టర్ములతో ఇలా రాస్తావేమో.

```verilog
assign f = (a & s) | (b & ~s) | (a & b);
```

సింథసిస్ టూల్ A·B ని అనవసరమని చూసి తీసిపారేస్తుంది, దాని ఉద్యోగమే అది. అక్కడ ఇలాంటి దాన్ని క్లాక్‌గా వాడకుండా, అందరికీ ఒకే క్లాక్ ఇచ్చి, A, B, S లని ముందు ఆ క్లాక్‌తోనే ఫ్లిప్‌ఫ్లాప్‌లలో పట్టుకుని, తర్వాత F ని ఫ్లిప్‌ఫ్లాప్‌తో పట్టుకుని అంచు కనిపెట్టడం పద్ధతి. గేట్లు కుదురుకున్నాకే క్లాక్ వస్తుంది కాబట్టి మధ్యలో ఎన్ని గ్లిచ్‌లు వచ్చినా ఫ్లిప్‌ఫ్లాప్ చూడదు.

ఇంకొక్కటి, నువ్వు అడగలేదు గానీ షెడ్డులో పెట్టిన రోజే నీకు తగులుతుంది. హజార్డ్ పూర్తిగా పోయిందనుకో. B లైన్ లెక్కపెడుతున్నావు, అక్కడ స్లాబ్ లేదు, B = 1, F = 1. అదే సమయంలో A సెన్సర్ ముందు ఒక స్లాబ్ ఆగి ఉంది, A = 0. ఇప్పుడు S తిప్పి A లైన్‌కి వచ్చావు. F 1 నుంచి 0 కి పడుతుంది, కౌంటర్ ఒకటి పెరుగుతుంది. ఇది గ్లిచ్ కాదు, F పడాల్సిందే, ఫంక్షన్ అదే చెప్తోంది. ఇక్కడ ఏ రిడండెంట్ టర్మూ అడ్డుపడదు. పాలిషింగ్ లైన్ మీద స్లాబ్ సెన్సర్ ముందు ఆగిపోవడం రోజూ జరిగేదే, మీ బాబాయిని అడుగు.

దీనికి మందు నీ మక్స్‌ని, అంటే A, B లలో ఒకదాన్ని ఎంచుకునే ఈ సర్క్యూట్‌ని, అక్కణ్ణుంచి లేపి కౌంటర్ల తర్వాతకి జరపడం. A కి ఒక కౌంటర్, B కి ఒక కౌంటర్, సెన్సర్ సిగ్నల్ ఏ మక్స్ గుండా పోకుండా నేరుగా క్లాక్ పిన్నుకి. రెండు కౌంటర్ల బీసీడీ అవుట్‌పుట్లని 74LS157 కి ఇస్తే అది నాలుగు బిట్లని ఒకేసారి ఎంచుకుంటుంది, అక్కణ్ణుంచి 74LS47, అక్కణ్ణుంచి సెవెన్ సెగ్మెంట్. అంకెకి ఒక 157, ఒక 47. S ఇప్పుడు మార్చేది ఏ లైన్ కౌంట్ చూడాలో మాత్రమే, లెక్కింపుని కాదు, కాబట్టి నువ్వు ఒక లైన్ చూస్తున్నప్పుడు రెండో లైన్ స్లాబులు పోకుండా కూడా లెక్కలో ఉంటాయి. ఆ 74LS157 లోపలి గేట్ల బొమ్మ డేటాషీట్‌లో తీసి చూడు, నువ్వు మొదట కట్టిన రెండు టర్ముల సర్క్యూటే నాలుగుసార్లు ఉంటుంది, A·B టర్మ్ లేకుండా. అక్కడా S మారేటప్పుడు ఇలాంటి గ్లిచ్ రావచ్చు, కాకపోతే దాని తర్వాత ఉన్నది లెక్కపెట్టే పిన్ను కాదు, ఎల్ఈడీ సెగ్మెంట్.